ప్రశ్నలో దాగిన ఒప్పుకోలు: 72 పేజీల క్రాస్‌ను అప్పీలు కోసం కుదించినప్పుడు

ఇది ఒక భూమి అమ్మకపు ఒప్పందం మీద నడిచిన దావా. పేర్లు, ఊరు, సర్వే నంబర్లు తీసేశాను. మొత్తాలను, తేదీలను, పేజీ నంబర్లను కొంత మార్చాను కానీ వాటి మధ్య లెక్క చెడకుండా చూశాను. అప్పట్లో నేను సీనియర్ ఆఫీసులో మూడో ఏడాది జూనియర్‌ని. మొదటి రెండుసార్లు నేను తయారు చేసిన సారాంశాలు పనికిరాలేదు. ఎందుకు పనికిరాలేదో గుర్తున్నంత వరకు దాచకుండా రాస్తున్నాను.

నేపథ్యం

2012లో ఒక రైతు తన రెండెకరాల మాగాణిని 24 లక్షలకు అమ్మడానికి ఒప్పుకొని, 6 లక్షలు అడ్వాన్సు తీసుకుని, ఒప్పంద పత్రం రాసిచ్చాడని వాది కథనం. మిగతా 18 లక్షలు ఆరు నెలల్లో చెల్లించి రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి. ఆ భూమి సహకార సంఘంలో తాకట్టులో ఉంది. ఆ అప్పును అమ్మేవాడే తీర్చాలని పత్రంలో రాసుకున్నారు. గడువు దాటిన 14 నెలలకు వాది లాయర్ నోటీసు ఇచ్చి, ఒప్పందాన్ని అమలు చేయించమని దావా వేశాడు. అది కుదరకపోతే అడ్వాన్సు వడ్డీతో ఇప్పించమని ప్రత్యామ్నాయంగా అడిగాడు.

ప్రతివాది జవాబు దావాలో రెండు మాటలు ఉన్నాయి. ఒకటి, అది అమ్మకం కాదు, 6 లక్షల అప్పుకు హామీగా సంతకం పెట్టిన కాగితం. రెండోది 9వ పేరాలో ఉంది: ఒకవేళ కోర్టు దాన్ని అమ్మకపు ఒప్పందంగానే తీసుకున్నా, వాది మిగతా సొమ్ముతో ఏనాడూ ముందుకు రాలేదు. కింది కోర్టు ఈ రెంటినీ కాదని వాదికి డిక్రీ ఇచ్చింది. అప్పీలు దశలో ప్రతివాది మా ఆఫీసుకు వచ్చాడు. కింది కోర్టులో కేసు నడిపిన లాయర్ వేరే ఆయన.

నాకు అప్పగించిన పని చిన్నదే. వాది తన తరఫు మొదటి సాక్షిగా, అంటే పి.డబ్ల్యు.1గా చెప్పిన సాక్ష్యంలో క్రాస్ ఎగ్జామినేషన్‌ను సీనియర్‌కు కుదించి ఇవ్వాలి. చీఫ్ అఫిడవిట్ ఐదు పేజీలు. క్రాస్ మాత్రం నాలుగు వాయిదాల్లో, అడ్వకేట్ కమిషనర్ ఎదుట నడిచి 72 పేజీలు అయింది. నాలుగు వాయిదాల్లో నడిచిన క్రాస్ అంటే ఒకే విషయం మూడు చోట్ల మూడు రకాలుగా వస్తుందని అర్థం. అది నాకు తర్వాత తెలిసింది.

మొదటి ప్రయత్నం: పేజీ వెంట పేజీ

మొదటిసారి 1వ పేజీ నుంచి మొదలుపెట్టి, ఒక్కో పేజీకి రెండు మూడు వాక్యాలు రాసుకుంటూ 14 పేజీల నోటు చేశాను. "సాక్షి తన వ్యాపారం గురించి చెప్పారు, ఒప్పంద పత్రం ఎవరు రాశారో చెప్పారు, సాక్షుల పేర్లు చెప్పారు" అన్న ధోరణిలో సాగింది. చదవడానికి బాగానే ఉంది. సీనియర్ రెండు పేజీలు తిరగేసి, "ఇది సాక్షి జీవిత చరిత్రమ్మా. ఇందులో నేను కోర్టులో లేచి చదవగలిగిన వాక్యం ఒక్కటి చూపించు" అన్నారు. ఒక్కటీ లేదు. ఎందుకంటే అన్నీ నా మాటలే, సాక్షి మాట ఎక్కడా లేదు. అప్పీలు కోర్టు ముందు నా మాటకు విలువ లేదు.

అందులో ఇంకో తప్పు కూడా దొరికింది. ఒక చోట రికార్డులో "మిగతా సొమ్ము సమకూర్చుకోలేక నేను గడువు పొడిగించమని అడిగానని అనడం నిజం కాదు" అని ఉంది. నేను దాన్ని "గడువు పొడిగింపు గురించి అడిగారు" అని కుదించాను. ఎవరు అడిగారు? వాది ప్రతివాదిని అడిగాడా, లాయర్ సాక్షిని అడిగారా? చదివినవారు మొదటి అర్థమే తీసుకుంటారు. సాక్షి కాదన్న మాట నా నోటులో సాక్షి ఒప్పుకున్నట్టు తేలింది. క్రాస్‌లో సగానికి పైగా వాక్యాలు "అనడం నిజం కాదు" అనే తోకతోనే ముగుస్తాయి. ఆ తోక ఊడితే వాక్యం తలకిందులవుతుంది.

రెండో ప్రయత్నం: రెండు రంగులు

రెండోసారి సాక్షి మాటల్ని ఉన్నదున్నట్టు ఎత్తి రాశాను. మనకు పనికొచ్చేది ఆకుపచ్చ, అవతలివారికి పనికొచ్చేది ఎరుపు. ఆకుపచ్చవి 31, ఎరుపువి 9 వచ్చాయి. సంతోషంగా పట్టుకెళ్లాను. ఆయన లెక్క చూసి, "ఇంత బాగుంటే మరి మనం కింద ఎందుకు ఓడిపోయాం?" అన్నారు.

ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. సారాంశం రాసేటప్పుడు నేను మన తరఫు లాయర్‌గా కూర్చున్నాను, అదే అసలు తప్పు. కన్ను తనకు కావలసినదాన్నే ఏరుకుంటుంది. ఆ 31లో ఆయన మొదట చూసింది 11వ పేజీ వాక్యం. నేను రాసుకున్నది ఇది: "మిగతా 18 లక్షలు గడువులోపల నా చేతిలో లేవన్నది నిజమే." ఆయన డిపాజిషన్ తెరిచి తర్వాతి వాక్యం చదివారు: "సాక్షి తనంతట తానుగా: ఆ సొమ్ము మా బావమరిది దగ్గర ఉంది, ఎప్పుడు అడిగినా ఇస్తానన్నాడు."

ఆ తోకను నేను వదిలేశాను. కావాలని కాదు, అది జవాబు కాదు, సాక్షి ఎక్కువగా చెప్పిన మాట అనుకున్నాను. కానీ వాది సంసిద్ధంగా ఉన్నాడని కింది కోర్టు నమ్మింది సరిగ్గా ఆ తోకను పట్టుకునే. తీర్పులో ఆ పేరా నేను చదివాను కూడా, కానీ సారాంశం రాసేటప్పుడు దాన్ని పక్కన పెట్టుకోలేదు. ఒప్పుకోలును ముక్కలు చేసి, తనకు నచ్చిన ముక్కనే వాడుకోకూడదని సుప్రీం కోర్టు 1952లోనే హనుమంత్ కేసులో చెప్పింది. కోర్టు తోకను నమ్మకపోవచ్చు. అది వేరే సంగతి. కానీ తోకను దాచి తల మాత్రమే చదివితే, అవతలి లాయర్ లేచి తోక చదువుతారు. ఆ తర్వాత మనం చదివే ఏ వాక్యాన్నీ జడ్జిగారు పూర్తిగా నమ్మరు.

గుర్తులు మార్చడం

మూడోసారి పని మొదలుపెట్టే ముందు 72 పేజీల జోలికి పోలేదు. ముందు కింది కోర్టు తీర్పు చదివి, అప్పీలులో నిజంగా తేలవలసినవి ఏవో రాసుకున్నాను. మూడే తేలాయి: కోర్టులో ఎ-1గా గుర్తు వేసిన ఆ ఒప్పంద పత్రం అమ్మకమా, అప్పు హామీనా; వాది సంసిద్ధంగా, సుముఖంగా ఉన్నాడా; ఆలస్యం ఎవరి వల్ల జరిగింది. సాక్షి భూముల లెక్క, ఇతర వ్యాపారాలు, స్టాంపు కాగితం ఎవరు కొన్నారన్న మాటలు ఈ మూడింటిలో దేనికీ అతకకపోతే సారాంశంలోకి రావు. దాంతో పేజీలు సగం రాలిపోయాయి.

తర్వాత రంగులు తీసేశాను. వాదికి మేలు చేసేదానికి "వా", ప్రతివాదికి మేలు చేసేదానికి "ప్ర", రెండు వైపులా కోసేదానికి "వా-ప్ర" అని గుర్తు పెట్టాను. "మనకు", "వాళ్లకు" అనే మాటలు కావాలనే మానేశాను. అవి రాస్తున్నంతసేపూ చేయి ఒక వైపుకే వంగుతుంది. ప్రతి నమోదులో ప్రశ్న, జవాబు, జవాబు తర్వాత సాక్షి కలిపిన మాట, పేజీ, వాయిదా తేదీ ఉండాలని పెట్టుకున్నాను. అదే విషయం ఇంకో చోట వస్తే ఆ పేజీ నంబరు పక్కనే ఉండాలి. ఈ చివరిదే ఎక్కువ పని చేసింది.

11వ పేజీ నమోదు ఇలా మారింది. "18 లక్షలు చేతిలో లేవు" అన్నది ప్ర. "బావమరిది దగ్గర ఉంది" అన్నది వా. ఇక్కడితో ఆగితే సరిసమానం. నిజానికి వాదిదే కొంచెం పైచేయి, ఎందుకంటే చట్టం వాది నోట్ల కట్టలు పట్టుకు తిరగాలని అడగదు. స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 16వ సెక్షన్‌కు ఉన్న వివరణ ప్రకారం, కోర్టు ఆదేశిస్తే తప్ప సొమ్మును ప్రతివాదికి చూపించాల్సిన పనీ లేదు, కోర్టులో కట్టాల్సిన పనీ లేదు. సమకూర్చుకోగల స్తోమత, చెల్లించే సుముఖత ఉన్నాయని రుజువు చేస్తే చాలు. కాబట్టి "చేతిలో లేవు" అన్న మాటను రెండో ప్రయత్నంలో నేను పెద్ద ఆకుపచ్చ గుర్తుతో మెరిపించడం చట్టం తెలియని పని.

కానీ 47వ పేజీలో, మూడో వాయిదాలో, సాక్షి ఇలా చెప్పాడు: "మా బావమరిదిని సాక్షిగా పిలవలేదన్నది నిజమే. అతని బ్యాంకు ఖాతా పుస్తకం గానీ, అతని దగ్గర సొమ్ము ఉన్నట్టు వేరే కాగితం గానీ దాఖలు చేయలేదన్నది నిజమే." ఇక్కడ తోక లేదు. పిలుస్తానని గానీ, దాఖలు చేస్తానని గానీ అనలేదు. 11వ పేజీ ఒక్కటే ఉంటే వాది వైపు మొగ్గుతుంది. 11, 47 కలిపి చదివితే స్తోమతకు రుజువు లేదని తేలుతుంది. ఈ రెంటికీ మధ్య 36 పేజీలు, మధ్యలో రెండు వాయిదాలు ఉన్నాయి. కింది కోర్టు తీర్పులో 11వ పేజీ ప్రస్తావన ఉంది, 47 లేదు. పేజీ వెంట పేజీ రాసిన నా మొదటి నోటులో రెండూ ఉన్నాయి, కానీ ఒకదాన్నొకటి చూడలేదు.

58వ పేజీ

ఇంతవరకు వచ్చాక పని దాదాపు అయిపోయిందనుకున్నాను. ప్రశ్నను కూడా నమోదులో రాయాలని నియమం పెట్టుకోకపోతే 58వ పేజీని మళ్లీ దాటేసేదాన్నే.

నాలుగో వాయిదాలో, లాయర్లు అలవాటుగా తమ పక్షం కథనాన్ని సాక్షి ముందు పెట్టి అవునో కాదో చెప్పమనే సజెషన్లు వరుసగా వేసే చోట, కింది కోర్టులో మన ప్రతివాది తరఫు లాయర్ వేసిన సజెషన్ ఇది: ఎ-1 కింద 6 లక్షల అడ్వాన్సు తీసుకున్న తర్వాత ప్రతివాది ఎన్నిసార్లు అడిగినా మిగతా 18 లక్షలు మీరు చెల్లించలేదు, అందువల్లే ఒప్పందం రద్దయింది. జవాబు: "నిజం కాదు."

జవాబు కాదన్నది కాబట్టి రెండో ప్రయత్నంలో దీనికి ఏ రంగూ వేయలేదు. కాదన్న సజెషన్‌లో ఎవరికీ ఏమీ లేదని కదా అందరం నేర్చుకునేది. కానీ ప్రశ్నను మళ్లీ చదవండి. 6 లక్షలు "అడ్వాన్సు" అంటోంది, "అప్పు" అనడం లేదు. మిగతా 18 లక్షలు రావాలంటోంది. ఒప్పందం "రద్దయింది" అంటోంది. అప్పుకు హామీగా రాసిన కాగితానికి మిగతా సొమ్ము ఎక్కడిది, రద్దు ఎక్కడిది? ప్రతివాది ప్రధాన వాదాన్ని ప్రతివాది లాయర్ ప్రశ్నే కూల్చేసింది.

సజెషన్ తనంతట తాను సాక్ష్యం కాదు. అది నిజం. కానీ అది పెట్టినవారి కేసు ఏమిటో చెబుతుంది. క్రిమినల్ కేసుల్లో నిందితుడి లాయర్ పెట్టిన సజెషన్ నిందితుడికే ఎదురు తిరిగే అవకాశం ఉందని సుప్రీం కోర్టు 2023లో బాలు సుదామ్ ఖల్డే కేసులో స్పష్టంగా చెప్పింది. సివిల్ కేసుకు దాన్ని యథాతథంగా అతికించలేం. అయినా వాది తరఫు లాయర్ దీన్ని వదులుతారని అనుకోవడం అమాయకత్వం. కాబట్టి గుర్తు "వా". పక్కన "సజెషన్ నుంచి, జవాబు నుంచి కాదు" అని రాశాను. ఈ తేడా రాయకపోతే సీనియర్ దాన్ని సాక్షి మాట అనుకుంటారు, అది ఇంకో ప్రమాదం.

ఇక్కడ ఆగకూడదని అనిపించి జవాబు దావా మళ్లీ తెరిచాను. ప్రతివాది ఒకదానికొకటి పొసగని వాదాలను ప్రత్యామ్నాయంగా తీసుకోవచ్చు. 9వ పేరాలో ఉన్నది అదే, "ఒకవేళ అమ్మకమే అనుకున్నా" అనే మాటతో. 58వ పేజీ సజెషన్ ఆ 9వ పేరా నుంచే పుట్టిందని చెప్పుకోవడానికి దారి ఉంది. లోపం ఏమిటంటే, లాయర్ ఆ "ఒకవేళ" అనే మాటను ప్రశ్నలో పెట్టలేదు. ఆ ఒక్క మాట ఉంటే ఈ సమస్యే ఉండేది కాదు. ప్రతివాది స్వయంగా డి.డబ్ల్యు.1గా చెప్పిన సాక్ష్యం కూడా చూశాను. అక్కడ తన క్రాస్‌లో ఆయన అప్పు మాట మీదే నిలబడ్డాడు. ఈ రెండూ నమోదు కింద రాశాను. సాక్ష్యంలో దొర్లిన ఒప్పుకోలు తిరుగులేని రుజువు కాదని 1872 నాటి ఎవిడెన్స్ చట్టం 31వ సెక్షన్ చెబుతుంది. దావా కాగితాల్లోని ఒప్పుకోలు బరువు, సాక్ష్యంలోని ఒప్పుకోలు బరువు వేరని 1974లో నాగిందాస్ రామ్‌దాస్ కేసు కూడా చెప్పింది. మన జవాబు దావాలో అమ్మకాన్ని నేరుగా ఒప్పుకోలేదు కాబట్టి ఈ తేడా పనికొస్తుంది. (2024 జులై నుంచి కొత్త సాక్ష్య చట్టం అమల్లో ఉంది, కానీ ఈ దావా పాత చట్టం కిందే నడిచింది.)

ఈ నమోదును సీనియర్ ముందు పెట్టడానికి కొంచెం వెనకాడాను. మనకు ఎదురుగా ఉన్నదాన్ని నేనే తవ్వి తీసినట్టు అనిపించింది. ఆయన చదివి చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత అప్పీలు కారణాల కాగితం తీసి, మొదటి కారణంగా ఉన్న "అది అప్పు మాత్రమే" అన్నదాన్ని అయిదో స్థానానికి దించి, సంసిద్ధత లేదన్నదాన్ని మొదటికి తెచ్చారు. 58వ పేజీ అవతలివారి చేతిలో ఉన్నంతకాలం అప్పు కథ మీద నిలబడి వాదన మొదలుపెడితే, మొదటి పది నిమిషాల్లోనే కాలు జారేది.

తేలని ఒక పేజీ

33వ పేజీలో సాక్షి చెప్పింది: "భూమి సహకార సంఘంలో తాకట్టులో ఉందని ఒప్పందం నాడే నాకు తెలుసు. ప్రతివాది ఆ అప్పు తీర్చే వరకు ఆగాను." మొదటి వాక్యం ప్రతివాదికి మేలు. తాకట్టు సంగతి దాచాడని వాది ఇక అనలేడు. రెండో వాక్యం వాదికి మేలు. ఆలస్యం నాది కాదు, అప్పు తీర్చని నీది అంటున్నాడు. కానీ ఆ రెండో వాక్యాన్నే మరోవైపు తిప్పితే, "ఆగాను" అంటే తన వంతు కోసం ఏమీ చేయలేదని కూడా అర్థం వస్తుంది. ఒప్పందం చదివితే అప్పు ముందు తీర్చాలా, రిజిస్ట్రేషన్ రోజున మిగతా సొమ్ములోంచి తీర్చవచ్చా అన్నది స్పష్టంగా లేదు. ఆ వరుస తేలితే తప్ప ఈ జవాబు ఎవరిదో తేలదు. నేను "వా-ప్ర" అని గుర్తు పెట్టి, కారణంగా ఒప్పందంలోని ఆ నిబంధనను పక్కన రాశాను. వా-ప్ర గుర్తు పెట్టినప్పుడు "ఏది తేలితే ఎటు మొగ్గుతుంది" అన్నది రాయకపోతే అది తప్పించుకోవడమే అవుతుంది.

"తెలియదు", "జ్ఞాపకం లేదు" అన్న జవాబులు 40కి పైగా ఉన్నాయి. వాటిలో మూడే తీసుకున్నాను, మూడూ వాదికి తప్పకుండా తెలిసి ఉండాల్సిన విషయాలు: తన ఖాతాలో ఆ నెలల్లో ఎంత ఉంది, నోటీసుకు ముందు ఎవరి ద్వారా కబురు పంపాడు, రిజిస్ట్రార్ ఆఫీసుకు ఎప్పుడు వెళ్లాడు. ఇవి ఒప్పుకోలు కావు. వేరే వరుసలో పెట్టాను.

చివరికి సారాంశం అయిదు పేజీలు అయింది. గుర్తులు మొత్తం 22: ప్ర 9, వా 8, వా-ప్ర 5. ముందటి 31కీ ఈ 9కీ ఉన్న తేడాలో ఎక్కువ భాగం, నేను ఒప్పుకోలు అనుకున్న వివరాలే. పత్రంపై సాక్షుల పేర్లు చెప్పడం, నోటీసు తేదీ చెప్పడం లాంటివి రెండు పక్షాలూ మొదటి నుంచీ కాదనలేదు. కాదనని విషయాన్ని ఒప్పించుకుంటే ఎవరికీ ఒరిగేది ఏమీ లేదు.

విచారణ రోజున వాది తరఫు లాయర్ 58వ పేజీ చదివారు, ఊహించినట్టే. మా సీనియర్ వెంటనే లేవలేదు. తన వంతు వచ్చాక జవాబు దావా 9వ పేరా, డి.డబ్ల్యు.1 క్రాస్‌లో నాలుగు వాక్యాలు చదివి, "ఇది అమ్మకమే అనుకుందాం" అని 11, 47 పేజీలు పక్కపక్కన చదివారు. తీర్పులో అమలు డిక్రీ రద్దయింది, అడ్వాన్సు వడ్డీతో తిరిగి ఇవ్వమన్నారు. కారణంగా 47వ పేజీని ఎత్తిచూపారు. 58 గురించి ఒక్క మాట లేదు.

ఫైలు తిరిగి ఇచ్చినప్పుడు నా సారాంశం మీద సీనియర్ పెన్సిల్ గీతలు చూశాను. 33వ పేజీ దగ్గర నేను పెట్టిన "వా-ప్ర"లో "ప్ర" కొట్టేసి ఉంది. ఎందుకని అడిగితే, "ఆ నిబంధన మన క్లయింటే రాయించాడమ్మా, దాంట్లో అస్పష్టత ఉంటే ఎవరి నెత్తిన పడుతుంది?" అన్నారు. నాకు ఇప్పటికీ అది రెండు వైపులా కోస్తుందనే అనిపిస్తుంది. తీర్పు ఆ పేజీ జోలికి పోలేదు.